నాలుగు, ఎనిమిది, మూడు ఐదులు

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో అంకపాశం అనే అధ్యాయం ఉంది. అంకెల స్థానాలు మార్చి ఎన్ని సంఖ్యలు పుట్టించవచ్చో చెప్పే అధ్యాయం అది. అందులో ఒక లెక్క ఇలా ఉంటుంది: 4, 8, 5, 5, 5 అనే అంకెలను అటూ ఇటూ మార్చి రాస్తే ఎన్ని వేర్వేరు సంఖ్యలు వస్తాయి, వాటన్నిటినీ కూడితే ఎంత అవుతుంది? జవాబు 20 సంఖ్యలు, మొత్తం 11,99,988.

ఇరవై ఎలా వచ్చిందో ఇంటర్మీడియట్‌లో ప్రస్తారాలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయిదూ వేర్వేరు అంకెలైతే 5×4×3×2×1, అంటే 120 రకాలుగా పేర్చవచ్చు. కానీ మూడు ఐదులు తమలో తాము చోట్లు మార్చుకుంటే కాగితం మీద తేడా ఏమీ కనిపించదు. అలా మార్చుకోడానికి 3×2×1, అంటే ఆరు దారులు ఉన్నాయి. కాబట్టి ప్రతి సంఖ్యనూ మనం ఆరుసార్లు లెక్కపెట్టినట్టు. 120ని 6తో భాగిస్తే 20. మొత్తం కనుక్కోవడం ఇంకా సులువు. అంకెల కూడిక 27. ఇరవై సంఖ్యలలోనూ ఒక్కో స్థానంలో పడే అంకెల మొత్తం 20×27÷5, అంటే 108. దాన్ని 11111తో గుణిస్తే 11,99,988 వచ్చేస్తుంది. ఒక్క సంఖ్య కూడా రాయకుండానే అన్నిటి మొత్తం తేలిపోయింది.

‘ఎన్ని?’ అన్న ప్రశ్న భాగహారంతో తీరిపోయింది. ‘అవేమిటో రాసి ఇవ్వు’ అంటే మాత్రం భాగహారం పనికిరాదు. 120 రాసి అందులో ఆరింటికి ఒకటి చొప్పున ఉంచుకోవాలా, లేక మొదటి నుంచే ఇరవై మాత్రమే రాసే ఉపాయం ఏదైనా ఉందా? ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది.

ముందు కంప్యూటర్ ఏం చేస్తుందో చూద్దాం. పైథాన్ భాషలో ప్రస్తారాల కోసం `itertools.permutations` అనే తయారు సరుకు ఉంది. దానికి మన అయిదు అంకెలు ఇస్తే 120 వరుసలు ఇస్తుంది, 20 కాదు. అది పొరపాటేమీ కాదు. విలువలను కాక వాటి స్థానాలను బట్టి పేరుస్తానని దాని వివరణలోనే ఉంది. మూడో చోటున్న 5, నాలుగో చోటున్న 5, అయిదో చోటున్న 5 దాని దృష్టిలో మూడు వేర్వేరు వస్తువులు. మనకు కనిపించేది 5 అనే విలువ ఒక్కటే. ఈ రెండు చూపుల మధ్య తేడాలోనే నకళ్లు పుడతాయి.

చాలామందికి మొదట తట్టే మందు వడపోత. 120 వరుసలనూ పుట్టించి, ఇంతకుముందు వచ్చినవాటిని ఒక సెట్‌లో దాచి, మళ్లీ వచ్చినదాన్ని పారేయడం. జవాబు సరిగానే వస్తుంది. అయిదు అంకెలకు ఇది చాలు కూడా. ఇబ్బంది సైజు పెరిగినప్పుడు తెలుస్తుంది. గణాంకశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో వచ్చిన తన పుస్తకంలో ఒక టీ పరీక్ష గురించి రాశాడు. ఎనిమిది కప్పులు. నాలుగింట్లో ముందు పాలు పోశారు, నాలుగింట్లో ముందు టీ పోశారు. రుచి చూసి ఏది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించి చెబితే అన్నీ సరిపోయే అవకాశం ఎంతో తెలియాలంటే, నాలుగు ‘పాలు’, నాలుగు ‘టీ’ ఎన్ని వరుసల్లో రావచ్చో తెలియాలి. ఆ వరుసలు 70. వడపోత పద్ధతిలో ఆ 70 కోసం 40,320 వరుసలు పుట్టించాలి. ఒక్కొక్కటి 576 సార్లు పుడుతుంది, 575 సార్లు చెత్తబుట్టలో పడుతుంది. కప్పులు పన్నెండై, ఆరు ఇటూ ఆరు అటూ అయితే పనికొచ్చేవి 924, పుట్టేవి దాదాపు 48 కోట్లు.

వడపోతలో కంటికి ఆనని ప్రమాదం మరొకటి ఉంది. వరుసను సెట్‌లో దాచడానికి కొందరు విలువలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి అతికించి ఒకే స్ట్రింగ్‌గా మారుస్తారు. విలువలన్నీ ఒంటి అంకెలైతే ఫర్వాలేదు. 1, 11 ఉన్నాయనుకోండి. ‘1, 11’ అతికించినా ‘11, 1’ అతికించినా వచ్చేది 111 ఒక్కటే. రెండోది నకలనుకుని ప్రోగ్రామ్ దాన్ని పారేస్తుంది. నకలు ఎక్కువైతే కంటికి కనిపిస్తుంది. అసలుదే పోతే ఎవరికీ తెలియదు. అందుకే సెట్‌లో పెట్టేది టపుల్ కావాలి, అతికించిన స్ట్రింగ్ కాకూడదు.

ఇక నకలును పుట్టకముందే ఆపే దారి. అసలు నకలు ఎక్కడ పుడుతుంది? వరుసను ఎడమ నుంచి ఒక్కో చోటూ నింపుకుంటూ వస్తున్నాం. మొదటి చోట ఏం పెట్టవచ్చు? మన దగ్గర అయిదు ముక్కలున్నాయి కాబట్టి అయిదు దారులు. ఆ అయిదింట్లో మూడు 5తోనే మొదలవుతాయి. ఆ మూడు దారుల్లోనూ మిగిలే సరుకు 4, 8, 5, 5. అంటే ఒకే అడవిలోకి మూడు గేట్ల నుంచి వెళుతున్నాం. లోపల దొరికేవన్నీ మూడేసిసార్లు దొరుకుతాయి. కాబట్టి మూలసూత్రం చిన్నదే: ఒక చోటును నింపేటప్పుడు, అదే చోట ఒకసారి ప్రయత్నించిన విలువను మళ్లీ ప్రయత్నించకూడదు. వేరే చోట మరో 5 రావడంలో తప్పేమీ లేదు, రావాలి కూడా. మొదటి చోట 5 పెట్టి రెండో చోట మళ్లీ 5 పెట్టడం వేరు. మొదటి చోటే ఒక 5కు బదులు ఇంకో 5 పెట్టి చూడడం వేరు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెండింటినీ విడదీసి చూడడంలోనే.

ఈ సూత్రాన్ని అమలు చేసే ప్రసిద్ధమైన కోడ్ ఇలా ఉంటుంది:

```python
def permute(a):
    a = sorted(a)
    used = [False] * len(a)
    path, out = [], []
    def go():
        if len(path) == len(a):
            out.append(tuple(path))
            return
        for i in range(len(a)):
            if used[i]:
                continue
            if i > 0 and a[i] == a[i-1] and not used[i-1]:
                continue
            used[i] = True
            path.append(a[i])
            go()
            path.pop()
            used[i] = False
    go()
    return out
```

కీలకమంతా `not used[i-1]` ఉన్న షరతులో ఉంది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే: నీ పక్కనే ఎడమవైపు నీలాంటిదే ఒకటి ఉండి, అది ఇంకా వాడకుండా మిగిలి ఉంటే, నీ వంతు రాలేదు. బస్సు ఎక్కే క్యూలో ముందున్నవాడు ఎక్కాకే వెనకవాడు ఎక్కినట్టు, మూడు ఐదులూ తమ క్యూ తప్పకూడదు. మూడింటికీ గుర్తుగా ఎరుపు, పచ్చ, నీలం రంగులు వేశామనుకుందాం. 54558 అనే వరుసను రంగులతో చూస్తే ఆరు రకాలుగా పుట్టవచ్చు. ఆ ఆరింట్లో ఎరుపు ముందు, తరవాత పచ్చ, ఆ తరవాత నీలం వచ్చేది ఒకే ఒక్కటి. షరతు దాన్ని మాత్రమే రానిస్తుంది. కాబట్టి ఏ సంఖ్యా రెండుసార్లు రాదు, ఏ సంఖ్యా తప్పిపోదు. భాస్కరుడి భాగహారంలో ఆరుతో భాగించడం అంటే సరిగ్గా ఇదే. అక్కడ లెక్కలో చేసిన పనిని ఇక్కడ దారిలోనే చేస్తున్నాం.

నడక ఎలా సాగుతుందో చూడండి. సార్టు చేశాక మన పట్టీ 4, 5, 5, 5, 8. మొదటి చోట 4 పెడితే మిగిలినవి 5, 5, 5, 8. వీటిలో 8 ఎక్కడ కూర్చుంటుందన్నదే తేడా, కాబట్టి నాలుగు సంఖ్యలు. మొదటి చోట 5 పెడితే 4, 5, 5, 8 మిగులుతాయి, వాటితో పన్నెండు. తరవాత రెండో 5 వంతు వస్తుంది. దాని ఎడమవైపున్న 5 ఖాళీగానే ఉంది కాబట్టి షరతు ఆపేస్తుంది. మూడో 5కూ అదే గతి. చివరికి 8తో మొదలయ్యేవి మళ్లీ నాలుగు. నాలుగూ పన్నెండూ నాలుగూ కలిపితే ఇరవై.

ఈ కోడ్ ఎక్కడ చెడుతుందో కూడా తెలియాలి. మొదటిది, సార్టు చేసే లైను మరిచిపోవడం. షరతు పక్కపక్కనున్న వాటినే పోల్చి చూస్తుంది కాబట్టి, ఒకే విలువలు దూరదూరంగా ఉంటే దానికి కనిపించవు. 5, 4, 5 ఇచ్చి సార్టు చేయకపోతే మూడు రావాల్సిన చోట ఆరు వస్తాయి. రెండోది, `not used[i-1]` ముక్కను వదిలేసి, పక్కది సమానమైతే చాలు దాటేయమని రాయడం. అప్పుడు రెండో ఐదును ఎప్పటికీ వాడుకోలేం, వరుస ఎన్నటికీ నిండదు, జాబితా ఖాళీగా తిరిగొస్తుంది. నకళ్లు మిగిలితే షరతు పనిచేయలేదనీ, ఏమీ రాకపోతే షరతు మరీ గట్టిగా పట్టిందనీ గుర్తు పట్టవచ్చు.

మూడోది వింతైనది. `not` తీసేసి `used[i-1]` అని రాసినా జవాబు సరిగానే వస్తుంది! ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు దీని మీద గంటలు వాదించుకుంటారు. కారణం తేలికే. ఇప్పుడు క్యూ తిరగబడింది, నీలం ముందు ఎక్కాలి, ఎరుపు చివర ఎక్కాలి. ఆరింట్లో ఒక్కటే మిగలడం మాత్రం మారలేదు. కాకపోతే నష్టం ఒకటుంది. మొదటి చోట ఎరుపు 5 పెట్టడాన్ని ఈ షరతు అడ్డుకోదు. పెట్టాక పచ్చకు ఇక ఎప్పుడూ వంతు రాదు. ఆ సంగతి తెలియక ప్రోగ్రామ్ ఆ కొమ్మలో లోపలిదాకా వెళ్లి, వరుస నిండక ఉత్త చేతులతో వెనక్కి వస్తుంది. నకళ్లు ఎక్కువున్న పట్టీలో ఇలాంటి మూసుకుపోయిన దారులు చాలా పెరుగుతాయి. ఫలితం ఒకటే అయినా శ్రమ ఒకటి కాదు.

నన్నడిగితే ఇంతకంటే శుభ్రమైన దారి ఇంకొకటి ఉంది. అసలు మూడు ఐదులను మూడు వస్తువులుగా చూడడం ఎందుకు? ‘4 ఒకటి, 5 మూడు, 8 ఒకటి’ అని రాసుకుంటే సరిపోతుంది. ప్రతి చోటా ఏ విలువ ఇంకా మిగిలి ఉందో చూసి, దాన్ని పెట్టి, లెక్క ఒకటి తగ్గించి, లోపలికి వెళ్లి వచ్చాక మళ్లీ ఒకటి పెంచాలి.

```python
from collections import Counter

def perms(a):
    left, path = Counter(a), []
    def go():
        if len(path) == len(a):
            yield tuple(path)
            return
        for v in left:
            if left[v] > 0:
                left[v] -= 1
                path.append(v)
                yield from go()
                path.pop()
                left[v] += 1
    yield from go()
```

ఇందులో నకలును ఆపే షరతంటూ ఏదీ లేదు. నకలు పుట్టే వీలే లేదు కాబట్టి ఆపనక్కర్లేదు. సార్టు చేయనవసరమూ లేదు. పెద్దదీ చిన్నదీ అని పోల్చడం కుదరని విలువలైనా, రెండూ ఒకటేనా కాదా అని చెప్పగలిగి, డిక్షనరీలో తాళంచెవిగా పెట్టగలిగితే చాలు. ఇంకొక సౌకర్యం, `yield` వల్ల వరుసలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అన్నిటినీ జాబితాలో పోగేసి మెమరీ నింపుకోనక్కర్లేదు. కాలేజీ ల్యాబుల్లో మొదటి కోడ్‌నే ఎక్కువగా బట్టీ పట్టిస్తారు. ముందు ఈ రెండోది చెప్పి, అర్థమయ్యాక మొదటిదానికి వెళితే పిల్లలకు ఆ షరతు ఎందుకో వాళ్లంతట వాళ్లకే తెలుస్తుందని నా నమ్మకం.

మూడో దారికి వయసు ఎక్కువ. నారాయణ పండితుడు 1356లో గణిత కౌముది రాశాడు. ఒక వరుస చేతికిస్తే దాని వెంటనే వచ్చే వరుస ఏదో చెప్పే పద్ధతి ఆయన దగ్గరిదేనని డొనాల్డ్ నూత్ తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’లో రాశాడు. ఇవాళ సి ప్లస్ ప్లస్‌లో `next_permutation` అనే పేరుతో అందరూ వాడేది ఈ పనికే. దీనికి పాత వరుసలేవీ గుర్తుండక్కర్లేదు, వాడినవీ వాడనివీ రాసుకోనక్కర్లేదు. ఎదురుగా ఉన్న ఒక్క సంఖ్య చాలు.

48555 తరవాత ఏమిటో కనుక్కుందాం. కుడి చివర నుంచి ఎడమకు వస్తూ, తన కుడి పక్కనున్న దానికన్నా చిన్నదైన మొదటి అంకె కోసం చూడాలి. 5 పక్కన 5, మళ్లీ 5 పక్కన 5, 8 పక్కన 5. ఇవేవీ చిన్నవి కావు. 4 పక్కన 8 ఉంది. దొరికింది, 4. ఇప్పుడు మళ్లీ కుడి చివర నుంచి చూస్తూ 4 కంటే పెద్దదైన మొదటి అంకెను పట్టాలి. చివరి 5 దొరికింది. ఈ రెండింటి చోట్లు మారిస్తే 58554. మొదటి 5 తరవాతి భాగం 8554. దాన్ని తిరగేస్తే 4558. మొత్తం 54558. నిజంగానే 48555 కంటే పెద్దదై, మధ్యలో ఇంకేదీ లేని సంఖ్య ఇదే. ప్రతిసారీ ముందరి సంఖ్య కంటే పెద్దదే వస్తుంది కాబట్టి వచ్చిందే మళ్లీ వచ్చే ప్రసక్తి లేదు. 85554 దగ్గరికి చేరాక చిన్నదైన అంకె దొరకదు, అక్కడితో పని పూర్తవుతుంది.

ఈ నడకలో ప్రాణం ‘చిన్నది’, ‘పెద్దది’ అనే మాటల్లో ఉంది. ‘సమానమైనా ఫర్వాలేదు’ అని ఒక్కచోట సడలిస్తే మొత్తం చెడిపోతుంది. రెండో అడుగులో `>` బదులు `>=` రాశారనుకోండి. 45558 నుంచి 45585 సరిగానే వస్తుంది. దాని తరవాత, 8కి ఎడమన ఉన్న 5 దొరుకుతుంది. దానికి జోడీగా 8 దొరకాలి. కానీ సమానమైనా సరే అన్నాం కాబట్టి చివరనున్న 5 ముందు దొరుకుతుంది. ఐదుకూ ఐదుకూ చోట్లు మారితే మారిందేమీ లేదు. తరవాతి భాగం 85ను తిరగేస్తే 58. వచ్చింది 45558, మొదలుపెట్టిన సంఖ్య! అక్కడి నుంచి 45585, మళ్లీ 45558, ఇలా ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వేర్వేరు అంకెలతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు, 1, 2, 3తో చక్కగా పనిచేస్తుంది. అందుకే ఇలాంటి కోడ్‌ను పరీక్షించేటప్పుడు కనీసం ఒక విలువ రెండుసార్లు ఉన్న పట్టీ తప్పనిసరిగా ఇవ్వాలి. అన్నీ ఒకటే అయిన పట్టీ కూడా ఇవ్వాలి. 5, 5, 5కు జవాబు ఒక్కటే రావాలి.

ఇదే పద్ధతిలో ఇంకో జారుడు మెట్టు ఉంది. ఉన్న సంఖ్య నుంచి ముందుకు పోవడమే దీనికి తెలుసు, వెనక్కి రావడం తెలియదు. భాస్కరుడు ఇచ్చిన వరుసనే, 4, 8, 5, 5, 5 అని, సార్టు చేయకుండా ఇచ్చి మొదలుపెట్టి చూడండి. పెరిగే క్రమంలో అది నాలుగోది. దాని ముందున్న 45558, 45585, 45855 ఎన్నటికీ రావు. ఇరవైకి పదిహేడే వస్తాయి. ఒక్క నకలూ ఉండదు కాబట్టి సెట్‌లో వేసి సరిచూసుకునేవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు ఆ లీలావతి జవాబే పరీక్షగా పనికొస్తుంది. నకళ్లు లేవని చూసుకోవడం ఒకటి, సంఖ్య 20 అయిందా అని చూసుకోవడం రెండోది, మొత్తం 11,99,988 వచ్చిందా అని చూసుకోవడం మూడోది. పదిహేడే వచ్చినప్పుడు మొత్తం 10,62,990 అవుతుంది, తేడా వెంటనే తెలిసిపోతుంది. వడపోత లేకుండా 120 వస్తే మొత్తం సరిగ్గా ఆరు రెట్లు ఉంటుంది. లెక్క ఇరవైకే సరిపోయినా ఒకటి తప్పిపోయి దాని చోట ఇంకొకటి రెండుసార్లు వచ్చి ఉంటే, ఆ రెండు సంఖ్యల తేడా మొత్తంలో కనిపిస్తుంది. అరుదుగా రెండు మూడు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. అందుకే మూడు పరీక్షలూ కలిపి చేయడం మంచిది.

ఈ మూడు దారులూ చేయలేని పని కూడా ఒకటుంది. ఇవి నకళ్లను ఆపుతాయి గానీ అసలువాటిని తగ్గించలేవు. ఇరవై వస్తువులలో పది ఒక రకం, పది ఇంకో రకమైతే వరుసలు 1,84,756. ఏ లాప్‌టాప్ అయినా తేలిగ్గా రాసి ఇస్తుంది. ఆ ఇరవైలో ఒక రకం రెండు మాత్రమే ఉండి, మిగతా పద్దెనిమిదీ వేర్వేరైతే, నకళ్లన్నీ పోయినా సగమే తగ్గుతుంది, 12,000 కోట్ల కోట్ల పైచిలుకు మిగులుతాయి. సెకనుకు వంద కోట్ల చొప్పున రాసినా ముప్పై ఎనిమిదేళ్లు పడుతుంది. కాబట్టి కోడ్ నడిపే ముందు భాస్కరుడి భాగహారం చేసి, వచ్చే సంఖ్య ఎంతో చూసుకోవాలి. అది మరీ పెద్దదైతే అన్నిటినీ రాయించే ఆలోచన మానుకుని, కావాల్సిన కొన్నిటినే వెతికే వేరే దారి చూసుకోవాలి.